ఖాతా మారిందని మెయిల్ వస్తే: చిత్తూరు పల్ప్ ఆఫీసు సిబ్బంది కోసం ప్రశ్నలు రాసిన తీరు

చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ ఆఫీసు సిబ్బందికి సైబర్ భద్రత కోర్సు తయారు చేసే పని తిరుపతిలోని మా బృందానికి వచ్చింది. అందులో ప్రశ్నలు రాసే బాధ్యత నాది. అకౌంట్స్, పర్చేజ్, డిస్పాచ్, ల్యాబ్ అన్నీ కలిపి ఆ ఆఫీసులో ముప్పై మంది దాకా ఉంటారు. వాళ్ల దగ్గర అప్పటికే ఒక క్విజ్ ఉంది. ఫిషింగ్ అంటే ఏమిటి, బలమైన పాస్‌వర్డ్ ఏది, తెలియనివాళ్ల లింకు నొక్కవచ్చా లాంటి ప్రశ్నలు. అందరికీ పదికి తొమ్మిదో పదో వచ్చేవి. ఆ మార్కులు తెచ్చుకున్న అకౌంట్స్ విభాగమే ఒక సప్లయర్ పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌ను నమ్మి, కొత్త ఖాతాకు పేమెంట్ సిద్ధం చేసింది. బ్యాంకు పోర్టల్‌లో రెండో ఆమోదం ఇవ్వాల్సిన డైరెక్టర్ ప్రయాణంలో ఉండడంతో అది రాత్రికి ఆగింది. మర్నాడు సప్లయరే వేరే పని మీద ఫోన్ చేస్తే విషయం బయటపడింది. మమ్మల్ని పిలిచింది ఆ తర్వాతే.

పాత క్విజ్‌లో ఉన్నవన్నీ నిజాలే. కానీ ఒక నిర్వచనం గుర్తుందా లేదా అన్నది మాత్రమే అది అడుగుతోంది. దొంగ మెయిల్ వచ్చినప్పుడు అకౌంట్స్‌లో ఎవరికీ నిర్వచనంతో పనిలేదు. వాళ్ల ముందున్నది ఒక బిల్లు, ఒక గడువు, ఒక కొత్త ఖాతా నంబరు. ఆ క్షణంలో చెయ్యి ఎటు పోతుందో తెలియాలంటే ప్రశ్న కూడా ఆ క్షణంలోంచే పుట్టాలి.

అందుకని రాయడం మొదలుపెట్టే ముందు అకౌంట్స్ టేబుల్ దగ్గర కూర్చుని పని ఎలా సాగుతుందో చూశాను. తోతాపురి సీజన్‌లో, అంటే జూన్, జులై నెలల్లో, కాయ ఫ్యాక్టరీకి రోజూ దిగుతుంది. పల్ప్ నింపడానికి డ్రమ్ములు, లోపల వేసే అసెప్టిక్ బ్యాగులు, పంచదార, బాయిలర్ ఇంధనం, లారీ కిరాయిలు, ఇలా పేమెంట్లు వరసగా పోతూనే ఉంటాయి. డ్రమ్ము లేకపోతే లైన్ ఆగుతుంది, లైన్ ఆగితే కాయ పాడవుతుంది. అకౌంట్స్‌లో అందరికన్నా సీనియర్ అయిన పెద్దాయన ఒక మాట అన్నారు: "ఏమ్మా, సీజన్‌లో ప్రతి మెయిల్‌కీ ఫోన్ చేసి కనుక్కుంటా కూర్చుంటే లారీలు కదులుతాయా?" ఆయన ప్రశ్న న్యాయమైనదే. దీనికి కోర్సు జవాబు చెప్పలేకపోతే ఎవరూ దాన్ని పట్టించుకోరు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. సప్లయర్ల ఖాతాలు నిజంగానే మారుతుంటాయి. బ్యాంకు మార్చుకుంటారు, లోను ఖాతా వేరేది తెరుస్తారు. ఆ మార్పు ఎక్కువగా మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో క్యాన్సిల్డ్ చెక్కు ఫొటోతో వస్తుంది. అంటే దొంగ మెయిల్‌కూ మంచి మెయిల్‌కూ రూపం ఒకటే. పాత క్విజ్‌లో ఉన్న లాటరీ మెయిల్ ఉదాహరణ ఇక్కడ ఎందుకు పనికిరాదో దీన్ని బట్టి తెలుస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ పరిశోధకులు 2020లో ఫిష్ స్కేల్ అనే కొలతను ప్రచురించారు. ఒక దొంగ మెయిల్‌ను పట్టుకోవడం ఎంత కష్టమో అది రెండు విషయాలను బట్టి చూస్తుంది. మెయిల్‌లో అనుమానం కలిగించే గుర్తులు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి. మెయిల్ చెప్పే కథ చదివే మనిషి ఉద్యోగానికి ఎంత దగ్గరగా ఉందన్నది రెండోది. లాటరీ కథ ఎవరి ఉద్యోగానికీ సంబంధించింది కాదు కాబట్టి చదవగానే పట్టుబడుతుంది. డ్రమ్ముల బిల్లు కథ అకౌంట్స్‌కు సరిగ్గా అతుకుతుంది, అందుకే గుర్తులు ఉన్నా కంటికి ఆనవు. నేను ప్రతి ప్రశ్ననూ ఈ రెండో కోణంలోంచే ఎంచుకున్నాను.

మొదట రాసిన ప్రశ్న ఇది:

"జులై మొదటి వారం, సాయంత్రం నాలుగున్నర. రేపటికి డ్రమ్ములు రాకపోతే లైన్ ఆపాలని ప్రొడక్షన్ నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది. డ్రమ్ముల సప్లయర్ పేరుతో మీకు ఒక మెయిల్ ఉంది. పాత ఖాతా ఆడిట్‌లో ఉందని, ఈ బిల్లు డబ్బు కింద ఇచ్చిన కొత్త ఖాతాకు పంపమని, అందగానే లారీ బయల్దేరుతుందని అందులో రాశారు. క్యాన్సిల్డ్ చెక్కు ఫొటో జత చేశారు. మీరు ముందుగా ఏం చేస్తారు?

అ. ఖాతా మార్పు నిజమేనా అని ఆ మెయిల్‌కే రిప్లై ఇస్తాను.
ఆ. మెయిల్ చివర సంతకం కింద ఉన్న నంబర్‌కు ఫోన్ చేస్తాను.
ఇ. ఒక్క రూపాయి పంపి, చేరిందని తెలిశాక మిగతా మొత్తం పంపుతాను.
ఈ. మన సప్లయర్ రికార్డులో ముందు నుంచి ఉన్న నంబర్‌కు ఫోన్ చేస్తాను."

ఇక్కడ తప్పు జవాబులు మూడూ ఆ ఆఫీసులో నేను విన్నవే. ఒక్కటీ ఊహించి రాయలేదు. "వెంటనే డబ్బు పంపేస్తాను" అనే జవాబును కావాలనే పెట్టలేదు. పరీక్షలో అలాంటిది ఎవరూ ఎంచుకోరు, చోటు వృథా. మనిషి తాను జాగ్రత్తగానే ఉన్నానని అనుకుంటూ చేసే తప్పే జవాబుల్లో ఉండాలి.

జవాబు ఎంచుకున్నాక వచ్చే వివరణను ఒక్కో జవాబుకూ విడిగా రాశాను. రిప్లై ఇస్తే అది మెయిల్ పంపినవాడికే వెళుతుంది, "అవును, నిజమే" అని వాడే రాస్తాడు. సంతకం కింది నంబర్ కూడా వాడు రాసిందే. ఫోన్ చేశాం కదా అన్న ధైర్యం వస్తుంది కానీ ఫోన్ ఎత్తేది వాడే. రూపాయి చేరితే ఆ ఖాతా పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది, ఎవరిదో తెలియదు. ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్ పంపేముందు లబ్ధిదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అది మంచి సాయమే, పేరు వేరుగా కనిపిస్తే అక్కడే ఆగాలి. కానీ సప్లయర్ పేరును పోలిన పేరుతో తెరిచిన ఖాతా అయితే ఆ పరీక్ష కూడా దాటిపోతుంది. అందుకే పేరు సరిపోయింది కాబట్టి పంపేస్తాను అనే మాటను తర్వాతి ప్రశ్నలో ఒక తప్పు జవాబుగా పెట్టాను.

ప్రశ్నతో పాటు చూపించే మెయిల్ బొమ్మ విషయంలో రెండు నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చింది. ప్రశ్న తెలుగులో ఉన్నా మెయిల్‌ను ఇంగ్లిష్‌లోనే ఉంచాం, ఎందుకంటే వాళ్లకు వచ్చేవి అలాగే వస్తాయి. ఇంగ్లిష్ తప్పులుంటే దొంగ మెయిల్ అని సిబ్బందికి ఎవరో ఎప్పుడో నేర్పారు. అది వాళ్ల మనసులో బలంగా నాటుకుంది. వాళ్ల అసలు సప్లయర్ల మెయిళ్లు తెరిచి చూస్తే సగానికి సగం హడావుడిగా, తప్పులతోనే ఉన్నాయి. కాబట్టి బొమ్మలోని దొంగ మెయిల్‌ను శుభ్రమైన ఇంగ్లిష్‌లోనూ, తర్వాత వచ్చే అసలు మెయిల్‌ను కాస్త తప్పులతోనూ రాశాను.

రెండోది అడ్రస్. శిక్షణ కోసం మనం కల్పించిన డొమైన్ పేరు రేపు ఎవరైనా నిజంగా కొనుక్కోవచ్చు, లేదా ఇప్పటికే ఎవరిదో అయి ఉండవచ్చు. అందుకే ఉదాహరణల కోసం 1999లోనే కేటాయించి, ఎవరికీ అమ్మకుండా ఉంచిన `.example` ముగింపును వాడాను. `.com` ఉండాల్సిన చోట ఇది కనిపిస్తుందని కోర్సు మొదట్లోనే చెప్పాం. సప్లయర్ అసలు అడ్రస్, దొంగ అడ్రస్ ఇలా ఉన్నాయి:

```
accounts@packdrums.example
accounts@packdrums-billing.example
```

రెండో దాంట్లో అక్షర దోషం ఏమీ లేదు. ఎల్ బదులు ఒకటి అంకె పెట్టే పాత ఎత్తును వాడకపోవడానికి కారణం, అందరూ దాన్నే వెతుకుతున్నారు. @ తర్వాత ఉన్న పేరు మొత్తం మన రికార్డులోని పేరుతో అక్షరాలా సరిపోవాలి, ఒక గీత ఎక్కువున్నా అది వేరే పేరే, దాన్ని ఎవరైనా కొనుక్కుని ఉండవచ్చు. చూసే పద్ధతి అదని వివరణలో రాశాను.

ఈ ప్రశ్నను ఆఫీసులో కొందరి చేత చేయించి చూశాం. జవాబు పెట్టాక ఎందుకు ఆ జవాబు ఎంచుకున్నారో పక్కన కూర్చుని అడిగాను. మార్కుల కన్నా ఈ మాటలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. పర్చేజ్‌లో ఒక అమ్మాయి సరైన జవాబే పెట్టింది. ఎందుకని అడిగితే, "అక్కా, అడ్రస్‌లో గీత చూశాను, అది లేకపోతే పంపేసేదాన్ని" అంది. అంటే ఆమెకు మార్కు వచ్చింది, ప్రమాదం మాత్రం అలాగే ఉంది. ప్రశ్న ఆమె కన్నును పరీక్షించింది, అలవాటును పరీక్షించలేదు.

ఎందుకంటే అడ్రస్ సరిగ్గా ఉండే దొంగ మెయిళ్లే పెద్ద నష్టం చేస్తాయి. సప్లయర్ ఆఫీసులో ఎవరిదో పాస్‌వర్డ్ చేతికి చిక్కితే దొంగ ఆ మెయిల్ పెట్టెలోనే కూర్చుంటాడు. కొన్నాళ్లు పాత మెయిళ్లు చదువుతాడు. ఏ బిల్లు ఎంత, ఎప్పుడు కట్టాలి, ఎవరు ఎలా పలకరిస్తారు అన్నీ తెలుసుకుంటాడు. మీ రిప్లైలు అసలు మనిషికి కనబడకుండా పక్క ఫోల్డర్‌కు మళ్లించే రూల్ పెట్టుకుంటాడు. తర్వాత నడుస్తున్న సంభాషణ కిందే ఖాతా మార్పు కబురు పంపుతాడు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వస్తోంది కాబట్టి పంపినవారి అడ్రస్‌ను సర్వర్ స్థాయిలో సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షలు కూడా దాన్ని ఆపవు.

కాబట్టి రెండో ప్రశ్నలో అడ్రస్ అక్షరాలా సరైనదే. మెయిల్ పాత సంభాషణ కిందే వచ్చింది, బిల్లు నంబరు, మొత్తం సరిపోయాయి, పోర్టల్‌లో పేరు కూడా దాదాపు సరిపోయింది. జవాబుల్లో పంపేయడానికి మంచి కారణాలు మూడు ఇచ్చి, నాలుగోదిగా రికార్డులోని నంబర్‌కు ఫోన్ చేయడం పెట్టాను. మొదటి ప్రశ్నలో సులువుగా గట్టెక్కిన చాలామంది ఇక్కడ ఆగిపోయారు. అడ్రస్ కరెక్టే కదా మేడమ్, ఇంకేం చూడాలి అన్నారు. సరిగ్గా ఆ మాట దగ్గరే కోర్సు మొదలవ్వాలి. వివరణలో నేను రాసిన వాక్యం ఇది: "ఖాతా మారిందని ఎవరు చెప్పినా, ఎంత నమ్మకమైన అడ్రస్ నుంచి చెప్పినా, మన రికార్డులోని నంబర్‌కు మనమే ఫోన్ చేసి మాట్లాడాకే కొత్త ఖాతా ఎక్కిస్తాం." మెయిల్ దొంగదా కాదా అని తేల్చే భారం దీనితో గుమాస్తా మీద నుంచి తొలగిపోతుంది. పెద్దాయన అడిగినదానికి జవాబు కూడా ఇదే. ప్రతి మెయిల్‌కూ ఫోన్ అక్కర్లేదు. ఖాతా వివరాలు మారినప్పుడు మాత్రమే కావాలి. అది సీజన్ మొత్తంలో కొద్దిసార్లే జరుగుతుంది.

అసలు మెయిళ్లను కూడా ప్రశ్నల్లో కలపాలని పట్టుబట్టాను. అన్నీ దొంగ మెయిళ్లే అయితే, ఏది కనిపించినా ఫిషింగ్ అని కొట్టేసేవాళ్లకు నూటికి నూరు వస్తాయి. అలాంటివాళ్లు నిజమైన బిల్లుల్ని ఆపేస్తారు, రెండు వారాల్లో విసిగిపోయి పాత దారికే వస్తారు. మెయిల్ చూసి తేల్చే ప్రశ్నల్లో దాదాపు సగం నిజమైనవే పెట్టాం. మార్కులను కూడా రెండుగా చూపించాం: దొంగవాటిలో ఎన్ని పట్టారు, అసలువాటిలో ఎన్నింటిని సరిగ్గా వదిలారు. మేనేజర్‌కు మొదట ఇది అనవసరమనిపించింది. అన్నింటినీ ఫిషింగ్ అని గుర్తించిన ఒకాయన కాగితం, ఆలోచించి జవాబిచ్చిన ఇంకొకరి కాగితం పక్కపక్కన పెట్టాక ఒప్పుకున్నారు. దొంగవాటిలో ఎన్ని పట్టారన్నది మాత్రమే లెక్కిస్తే మొదటాయనకే ఎక్కువ మార్కులు.

అసలు మెయిల్ రాయడం దొంగ మెయిల్ రాయడం కన్నా కష్టం. అందులో తొందర ఉండాలి, లింకు ఉండాలి, అయినా అది నిజమైనదని తేల్చుకునే ఆధారం కూడా ప్రశ్నలోనే దొరకాలి. బ్యాంకు నుంచి వచ్చే మెయిల్‌కు ఒక కొత్త ఆధారం దొరికింది. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను `.bank.in` తో ముగిసే పేర్లకు 2025 అక్టోబర్ 31 లోగా మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ ముగింపును బ్యాంకులకే ఇస్తారు. ముగింపు అంటే చివర ఉండేది. పేరు మధ్యలో `bank.in` కనిపించి ఆ తర్వాత చుక్క పెట్టి ఇంకేదో ఉంటే అది బ్యాంకు కాదు. ఈ ఒక్క తేడా మీద ఒక జత ప్రశ్నలు రాశాను.

పాస్‌వర్డ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది వేరే రకంగా ఉంది. ఇక్కడ సరైన జవాబు అందరికీ తెలుసు. పాస్‌వర్డ్ ఇతరులకు చెప్పవచ్చా అంటే వద్దు అంటారు, లేచి వెళ్లి పక్క టేబుల్ మీది చీటీ చూసి లాగిన్ అవుతారు. డిస్పాచ్‌కు ఒకే మెయిల్ పెట్టె, ఒకే పాస్‌వర్డ్, ముగ్గురు వాడతారు. ఒకరు సెలవు పెడితే ఎగుమతి కాగితాలు ఆగకూడదు కదా. నేను రాసిన ముసాయిదా ప్రశ్న ఇలా ఉంది: సహోద్యోగి తిరుమల నడకదారిలో ఉన్నాడు, కంటైనర్ ఈ రాత్రికి చెన్నై పోర్టుకు వెళ్లాలి, కాగితాలు అతని లాగిన్‌లో ఉన్నాయి, ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెబుతానంటున్నాడు. ఏం చేస్తారు?

ఈ ప్రశ్నకు ఆ ఆఫీసులో సరైన జవాబే లేదు. పాస్‌వర్డ్ తీసుకోకపోతే కంటైనర్ పోదు. నియమం పాటిస్తే ఉద్యోగానికి ఎసరు వచ్చే చోట, నియమం పాటించమనే జవాబుకు మార్కు ఇవ్వడం అన్యాయం. ఆ ప్రశ్నను పక్కన పెట్టి మేనేజర్‌తో మాట్లాడాను. వాళ్ల ఐటీ చూసే కుర్రాడు డిస్పాచ్ పెట్టెను ముగ్గురూ ఎవరి లాగిన్‌తో వాళ్లు తెరిచేలా మార్చాడు, ట్యాలీలో కూడా ఒక్కొక్కరికి విడిగా యూజర్ పెట్టాడు. ఆ తర్వాతే ప్రశ్నను తిరిగి చేర్చాం, నా లాగిన్‌తోనే డిస్పాచ్ పెట్టె తెరుస్తాను అన్నది సరైన జవాబుగా. ప్రశ్న రాసేవాళ్లు తమను తాము ముందు అడగాల్సింది ఇదేనని నా నమ్మకం: సరైన జవాబును ఆ మనిషి రేపు ఉదయం నిజంగా ఆచరించగలరా?

తొంభై రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న నియమం మీద ప్రశ్న అడగమన్నారు. నేను వద్దన్నాను. దాని ఫలితం ఆ ఆఫీసులోనే కనిపిస్తోంది: చివర నెల పేరు, సంవత్సరం మాత్రమే మారుతూ, ముందుభాగం ఏళ్ల తరబడి అలాగే ఉంటోంది. ఒకటి తెలిస్తే తర్వాతిది ఊహించవచ్చు. ఎన్‌ఐఎస్‌టీ కూడా 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించనక్కర్లేదని చెప్పింది. ఆఫీసు నియమం ఒకలా, మంచి పద్ధతి ఇంకోలా ఉన్న చోట ప్రశ్న పెడితే, ఏ జవాబు ఇచ్చినా సిబ్బందే తప్పు నేర్చుకుంటారు. దాన్ని వదిలేసి, ఆ చోటును ఒకే పాస్‌వర్డ్‌ను అనేక చోట్ల వాడే అలవాటుకు ఇచ్చాం.

ఆ ప్రశ్నను అవతలి వైపు నుంచి రాశాను. ఈసారి దొంగ చేతికి చిక్కింది సప్లయర్ మెయిల్ కాదు, మన ఎగుమతి విభాగం మెయిల్. ఆన్‌లైన్ షాపింగ్ సైటుకు పెట్టిన పాస్‌వర్డే ఆఫీసు మెయిల్‌కూ ఉంది, ఆ సైటు నుంచి వివరాలు లీకయ్యాయి. దుబాయ్‌లోని కొనుగోలుదారుకు మన అడ్రస్ నుంచే ఖాతా మారిందని మెయిల్ వెళ్లింది. ఏ అలవాటు మార్చుకుని ఉంటే ఇది ఆగేది? పాస్‌వర్డ్‌లో ఇంకో ప్రత్యేక గుర్తు చేర్చడం, ప్రతి నెలా మార్చడం, చీటీని సొరుగులో పెట్టి తాళం వేయడం, ఆఫీసు మెయిల్‌కు మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టుకుని రెండో ధ్రువీకరణ ఆన్ చేయడం, ఇవీ జవాబులు. మొదటి జవాబు చాలామందిని ఆకర్షించింది. లీకైన పాస్‌వర్డ్‌లో ఎన్ని గుర్తులున్నా అది దొంగ చేతిలో యథాతథంగా ఉంటుందని వివరణలో చెప్పాక, "అవును కదా" అని ఆ పెద్దాయనే అన్నారు.

ముసాయిదాలో సరైన జవాబే మిగతా మూడింటికన్నా పొడుగ్గా ఉండేది. పొడుగు చూసి పెట్టానని ఒకరు నేరుగా చెప్పారు కూడా. తర్వాతి విడతలో జవాబులన్నీ ఒకే పొడవుకు తెచ్చాం. "తప్పకుండా", "ఎప్పుడూ" లాంటి మాటలు తప్పు జవాబుల్లో పోగుపడకుండా చూశాం.

చివరి ప్రశ్న, తప్పు జరిగిపోయాక ఏం చేయాలన్నది. దొంగ పేజీలో పాస్‌వర్డ్ కొట్టేశారు, నిమిషం తర్వాత అనుమానం వచ్చింది. మెయిల్ డిలీట్ చేయడం, ఏం జరుగుతుందో ఒకరోజు చూడడం, కంప్యూటర్ ఆపేయడం అన్నవి తప్పు జవాబులు. వెంటనే ఐటీకి చెప్పి, అసలు సైటు అడ్రస్ తానే కొట్టి పాస్‌వర్డ్ మార్చి, మిగతా పరికరాలన్నింటిలో సైన్ అవుట్ చేయించడం సరైనది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ముందే లోపలికి వచ్చినవాడు అన్ని చోట్లా బయటికి పోడు, అందుకే ఆ మూడో పని. డబ్బు వెళ్లిపోయి ఉంటే ముందు బ్యాంకుకు, 1930కి ఫోన్ చేయాలి. `cybercrime.gov.in` లో ఫిర్యాదు కూడా ఇవ్వాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ ప్రశ్న వివరణలో ఒక్క మందలింపు మాట కూడా లేకుండా చూశాను. తిట్లు పడతాయన్న భయం ఉన్న చోట మనిషి ఒకరోజు చూద్దాం అనే జవాబునే నిజజీవితంలో ఎంచుకుంటాడు.

ఈ ప్రశ్నల వల్ల అలవాటు మారిందో లేదో మార్కులు చెప్పవు. అందుకే అకౌంట్స్‌లో ఒక చిన్న రిజిస్టర్ పెట్టమన్నాం: ఖాతా మార్పు కబురు వచ్చిన తేదీ, ఏ నంబర్‌కు ఫోన్ చేశారు, ఎవరు మాట్లాడారు, సంతకం. పోర్టల్‌లో చేరిన కొత్త ఖాతాలన్నింటికీ రిజిస్టర్‌లో ఒక వరస ఉందా అని నెలకోసారి పోల్చి చూస్తారు. వరస లేని ఖాతా కనిపిస్తే ఆ ప్రశ్న మళ్లీ తిరగరాయాలి, లేదా సప్లయర్ రికార్డులో నంబర్లే పాతబడిపోయాయేమో చూడాలి. ఫోన్‌లో ఎండీ గొంతుతో మాట్లాడి డబ్బు పంపమనే మోసాలు, వాట్సాప్‌లో డైరెక్టర్ ఫొటో పెట్టుకుని వచ్చే కబుర్లు ఈ విడతలో లేవు. వాటికి కావాల్సిన సంఘటనలు డిస్పాచ్, పర్చేజ్ వాళ్ల దగ్గర్నుంచి ఇప్పుడు సేకరిస్తున్నాం. వచ్చే సీజన్‌లో మొదటి లారీ దిగే లోపు ఆ ప్రశ్నలు సిద్ధం చేయాలి.